పై ముడతకీ కింది ముడతకీ ఒకటే టైటిల్: ఒక వ్యవసాయ ఛానల్‌లో ఎడిటర్ అప్పగింత కేసు

నేపథ్యం

ఇది మిరప, పత్తి రైతుల కోసం నడిచే ఒక తెలుగు యూట్యూబ్ ఛానల్ కేసు. ఛానల్ పేరు, ఊరు, మనుషుల వివరాలు తీసేశాం. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాం, ఎందుకంటే చిన్న ఛానళ్లలో ఎడిటర్ మారినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఈ భాగమే.

ఛానల్‌లో ఉండేది ముగ్గురు. పొలాలు తిరిగి షూట్ చేసి, గొంతు ఇచ్చేది యజమాని. ఫుటేజీ కోసి, థంబ్‌నెయిల్ చేసి, అప్‌లోడ్ చేసేది ఎడిటర్. మందులు, మోతాదుల మాట వచ్చినప్పుడు సరిచూసేది వ్యవసాయ డిగ్రీ చదివిన ఒక సలహాదారు. ఎడిటర్ వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నారు. ఎడిటింగ్ పని అప్పగించడం తేలికగానే అయిపోయింది. ప్రాజెక్ట్ ఫైళ్లు, ఫాంట్లు, సంగీతం అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టి ఇచ్చారు. కొత్త ఎడిటర్‌కి వీడియో కోసే పని బాగా వచ్చు. టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగుల సంగతి మాత్రం ఎక్కడా రాసి లేదు. అదంతా పాత ఎడిటర్ బుర్రలోనే ఉండేది.

వెళ్లేముందు ఆయన ఒక పేజీ నోట్ రాసిచ్చారు. అందులో మూడు ముక్కలున్నాయి. టైటిల్ ఎప్పుడూ "పంట | సమస్య | పరిష్కారం" వరసలో పెట్టాలి. డిస్క్రిప్షన్ కింది టెంప్లేట్ నుంచి పేస్ట్ చెయ్యాలి. ట్యాగులు ఈ బ్లాక్ నుంచి పేస్ట్ చెయ్యాలి. ఆ ట్యాగుల బ్లాక్ యూట్యూబ్ ఇచ్చే 500 అక్షరాల హద్దును దాదాపు నింపేసింది. మిరప, పత్తి, వరి, కూరగాయలు అన్నీ అందులోనే ఉన్నాయి.

నోట్ చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కొత్త ఎడిటర్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. అందుకే చిక్కు వచ్చింది.

ఎదురైన సమస్య

మొదట బయటపడింది వ్యూస్ తగ్గడం కాదు, రైతుల ఫోన్లు. మిరప ఆకు ముడత మీద ఛానల్‌లో అప్పుడే రెండు కొత్త వీడియోలు వచ్చాయి. ఒకటి తామర పురుగు వల్ల వచ్చే పై ముడత గురించి, రెండోది నల్లి వల్ల వచ్చే కింది ముడత గురించి. నోట్‌లోని సూత్రం ప్రకారం రెండిటికీ దాదాపు ఒకే టైటిల్ పడింది:

```
మిరప | ఆకు ముడత | పరిష్కారం
మిరప | ఆకు ముడత సమస్య | పరిష్కారం
```

పై ముడతలో ఆకు అంచులు పైకి లేచి ముడుచుకుంటాయి. కింది ముడతలో ఆకు కిందికి వంగి, తిరగేసిన పడవలా కనిపిస్తుంది, కాడ సాగుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నా మందులు వేరు. తామర పురుగు మీద కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులైతే నల్లిని ఇంకా పెంచుతాయి కూడా. నల్లి పట్టిన చేను ఉన్న రైతు పై ముడత వీడియో చూసి మందు తెచ్చుకుంటే డబ్బూ పోతుంది, ఆ వారం పది రోజుల్లో పంటా పోతుంది. సలహాదారుకి వచ్చిన ఫోన్లలో ఇదే పదేపదే కనిపించింది: "మీ వీడియోలో చెప్పిందే కొట్టాం సార్, తగ్గలేదు." ఏ వీడియో చూశారని అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. లిస్టులో రెండూ ఒకేలా కనిపిస్తుంటే గుర్తుండే దారి లేదు.

దాంతోపాటు మరో మూడు లక్షణాలు కనిపించాయి. యూట్యూబ్ సెర్చ్ నుంచి వచ్చే వ్యూస్ తగ్గాయి. వీడియో కింద చాప్టర్లు రావడం ఆగిపోయింది. అన్నిటికన్నా వింతగా, ఒకే వీడియోకి యజమాని ఫోన్లో ఇంగ్లీషు టైటిల్, కొత్త ఎడిటర్ ఫోన్లో తెలుగు టైటిల్ కనిపించాయి.

ఒక్కో లక్షణానికి కారణం ఎలా పట్టుకున్నామంటే

ముందు ఇంగ్లీషు టైటిల్ సంగతి చూశాం, దాన్ని రుజువు చెయ్యడం తేలిక కాబట్టి. కొత్త ఎడిటర్ యూట్యూబ్ స్టూడియోలో భాషల విభాగం చూసి, అదనపు ప్రేక్షకులు వస్తారన్న మంచి ఉద్దేశంతో ప్రతి వీడియోకీ టైటిల్, డిస్క్రిప్షన్లకు ఇంగ్లీషు అనువాదం చేర్చారు. అక్కడ ఒక మెలిక ఉంది. అనువాదం ఉన్న వీడియోకి యూట్యూబ్ ఏ టైటిల్ చూపించాలన్నది చూసేవాళ్ల భాషా సెట్టింగును బట్టి తేల్చుకుంటుంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా తెలుగు తప్ప చదవని రైతు చేతిలోని ఫోన్ కూడా ఎక్కువగా ఇంగ్లీషు సెట్టింగులోనే ఉంటుంది. కొన్న రోజు షాపులో ఎలా పెట్టిచ్చారో అలాగే ఉండిపోతుంది. దాంతో ఇంగ్లీషు టైటిల్ పరాయి రాష్ట్రం వాళ్లకి కాకుండా మన రైతుకే కనిపించింది. తెలుగులో వెతికిన మనిషికి "Chilli leaf curl management" అని వస్తే వేలు ముందుకు జరుగుతుంది.

రుజువు కోసం రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో యూట్యూబ్ భాష తెలుగు, రెండోదానిలో ఇంగ్లీషు పెట్టి అదే వీడియో తెరిచాం. టైటిళ్లు వేరుగా వచ్చాయి. అనువాదాలన్నీ తీసేశాం. ఇతర రాష్ట్రాల ప్రేక్షకులు నిజంగా ఉన్న ఛానల్‌కి ఈ సౌకర్యం బాగా పనికొస్తుంది. వీడియోలో మాట తెలుగు ఒక్కటే అయినప్పుడు, చూసేవాళ్లూ తెలుగువాళ్లే అయినప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

చాప్టర్ల కారణం చిన్నది. యూట్యూబ్ చాప్టర్లు చూపించాలంటే డిస్క్రిప్షన్‌లో మొదటి సమయం 0:00 కావాలి, కనీసం మూడు సమయాలు వరసగా పెరుగుతూ ఉండాలి, ఒక్కో చాప్టర్ 10 సెకన్లకు తగ్గకూడదు. కొత్త ఎడిటర్ ఛానల్ లోగో అయిపోయాక అసలు మాట మొదలయ్యే చోటు నుంచి, 0:12 నుంచి, రాసుకుంటూ వచ్చారు. తర్కం సరైనదే. నోట్‌లో ఆ నియమం లేదు. పాత ఎడిటర్ చేతులకు అలవాటైపోయిన పని కాబట్టి రాయాలని ఆయనకు తట్టలేదు.

సెర్చ్ తగ్గడానికి కారణం పట్టుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. మొదట ట్యాగులని అనుమానించాం, అది తప్పని తేలింది. ట్యాగుల బ్లాక్ పాత వీడియోలకూ కొత్త వీడియోలకూ ఒకటే. పైగా యూట్యూబ్ సహాయ పేజీలోనే రాసి ఉంది: జనం తరచుగా స్పెల్లింగ్ తప్పు రాసే మాటలకు ట్యాగులు పనికొస్తాయి, మిగతా చోట్ల వాటి పాత్ర చాలా తక్కువ అని. అసలు కారణం స్టూడియో ఎనలిటిక్స్‌లో దొరికింది. ట్రాఫిక్ సోర్సుల్లో యూట్యూబ్ సెర్చ్ నొక్కితే జనం ఏ మాటలతో వెతికి వచ్చారో లిస్టు వస్తుంది. సెర్చ్ బాగా పడిపోయిన పాత వీడియోలను ఏరి, ఒక్కోదానికి ఆ లిస్టు తీసి, పక్కన పాత టైటిల్, కొత్త టైటిల్ రాసి చూశాం.

అప్పుడు అసలు సంగతి కనిపించింది. నోట్‌లో సూత్రం ఉంది కదా అని కొత్త ఎడిటర్ పాత టైటిళ్లను కూడా ఆ వరసలోకి మార్చేశారు. ఒక వీడియో పాత టైటిల్ "మిరప నారుకుళ్ళు ఎందుకొస్తుంది, ఏం చెయ్యాలి" అని ఉండేది. దాన్ని "మిరప | నారుమడి | యాజమాన్యం" చేశారు. చూపుకి పద్ధతిగానే ఉంది. కానీ నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుంటే ఏ రైతూ యాజమాన్యం అని వెతకడు. అది విశ్వవిద్యాలయం కరపత్రాల్లోని మాట. రైతు "నారు కుళ్ళు" అంటాడు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో naru kullu అని కొడతాడు. వీడియోని మోస్తున్న ఆ ఒక్క మాటే టైటిల్లోంచి మాయమైంది.

చేసి చూసినవి, పని చెయ్యనివి

మొదటి ప్రయత్నం నోట్‌ని పెంచడం. పాత ఎడిటర్‌కి ఫోన్ చేసి, ఆయన పాటించే ప్రతి నియమాన్నీ అడిగి రాయించాం. పేజీలు పెరిగిపోయాయి. అందులో తప్పేమీ లేదు, కానీ దాన్ని తెరిచినవాళ్లు లేరు. అప్‌లోడ్ సాధారణంగా రాత్రి పూట, ఎడిటింగ్ అయిపోయి అలిసిపోయిన మనిషి చేతిలో జరుగుతుంది. ఆ సమయంలో పెద్ద డాక్యుమెంట్‌లో చాప్టర్ల నియమం ఎక్కడుందో వెతుక్కోవడం జరగని పని. చేతికి దగ్గరగా ఉన్న టెంప్లేటే మళ్లీ పేస్ట్ అయ్యేది.

రెండో ప్రయత్నం, బ్రౌజర్‌లో పెట్టుకునే కీవర్డ్ టూల్ ఒకటి వాడటం. ఏ మాటకి ఎంత వెతుకులాట ఉందో మార్కులు వేసి చూపిస్తుంది. కొత్త ఎడిటర్‌కి ఇది బాగా నచ్చింది, ఊహించి రాసే భారం తప్పుతుంది కనుక. మిరప పేరుతో పైన కనిపించే మాటల్లో మార్కెట్ ధరలకు సంబంధించినవే ఎక్కువ. దాంతో తెగుళ్ల వీడియోల టైటిళ్లలోకి కూడా "మిర్చి రేటు" చేరింది. గుంటూరు యార్డులో తేజ రకం ఎంత పలికిందో చూద్దామని వచ్చిన మనిషికి పురుగు కనిపిస్తే వెంటనే వెళ్లిపోతాడు. పంట అమ్ముకునే రైతు అవసరం వేరు, పంట పెంచుతున్న రైతు అవసరం వేరు. ఆ తేడా టూల్‌కి తెలియదు. వాడకం ఆపేశాం.

ట్యాగుల మీద కూడా ఒక ప్రయత్నం జరిగింది. బ్లాక్‌లోని మాటల్ని డిస్క్రిప్షన్ చివర కూడా వరసగా దించితే మేలని ఎవరో చెప్పారు. దీనికి మేం ఒప్పుకోలేదు. డిస్క్రిప్షన్‌లో ట్యాగులను కుప్పగా పొయ్యడం యూట్యూబ్ స్పామ్ నియమాలకు విరుద్ధం. దానివల్ల వీడియోనే తీసేసే ప్రమాదం ఉంది.

పని చేసినది

తిరిగి మొదటి నుంచి ఆలోచిస్తే, పాత నోట్ లోపం పొడుగో పొట్టో కాదని తేలింది. అది తయారైన టైటిల్ ఆకారాన్ని అందించింది. పాత ఎడిటర్ ఆ మాటల్ని ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో అందించలేదు. ఆయన్ని కూర్చోబెట్టి ఒక పాత టైటిల్ చూపించి "ఈ మాట ఎందుకు పెట్టారు" అని అడిగితే ప్రతిసారీ జవాబు ఒక కామెంట్ దగ్గరికో, రైతు ఫోన్ దగ్గరికో, సెర్చ్ లిస్టు దగ్గరికో వెళ్లేది. "పంట | సమస్య | పరిష్కారం" అన్నది ఆయన తన పనిని తిరిగి చూసుకుని అప్పటికప్పుడు తీసిన సారాంశం మాత్రమే. ఆయన స్వయంగా ఎప్పుడూ ఆ సూత్రంతో టైటిల్ రాయలేదు. "సమస్య" అన్న గడిలోకి రైతు నోటి మాట రావాలన్నది ఆయనకు చెప్పనక్కర్లేని సంగతి. కొత్తవాళ్లకి అది ఖాళీ గడి, ఏ మాటైనా పడుతుంది.

అందుకని కొత్త నోట్‌లో నియమాల స్థానంలో ఒకే ఒక్క వీడియోని మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూపించాం. ఏరికోరి పై ముడత వీడియోనే తీసుకున్నాం.

మొదటి మెట్టు, మాట సేకరణ. అప్‌లోడ్ తెరవకముందే ఈ సమస్య మీద పాత వీడియో ఉంటే దాని సెర్చ్ లిస్టు, దాని కింద కామెంట్లు చూడాలి. రైతులు ఏ మాట వాడారో అదే మాట, అదే స్పెల్లింగుతో ఒక షీట్‌లో రాసుకోవాలి. షీట్‌లో నాలుగు గడులు: రైతు మాట, ఇంగ్లీషు అక్షరాల్లో కనబడిన రూపాలు, పుస్తకం మాట, ఏ లక్షణానికి. నాలుగో గడి చాలా ముఖ్యం. కొన్ని చోట్ల ఏ ముడతనైనా బొబ్బర అనేస్తారు, పుస్తకంలో మాత్రం బొబ్బర తెగులంటే వైరస్ తెగులు. ఆ మాట టైటిల్లో పెట్టాలా వద్దా అనేది ఎడిటర్ ఒక్కరూ తేల్చే విషయం కాదు, సలహాదారుని అడగాలి.

రెండో మెట్టు టైటిల్:

```
మిరపలో పై ముడత: తామర పురుగు గుర్తింపు, మందు | Mirapa pai mudatha
```

టైటిల్ హద్దు 100 అక్షరాలు. తెలుగులో ఈ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు. గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "గుర్తింపు" చూడ్డానికి మూడు అక్షరాలే, స్టూడియో లెక్కలో తొమ్మిది. పైన ఇచ్చిన టైటిల్ 64. హద్దు కన్నా ముఖ్యమైంది ఫోన్ తెర. లిస్టులో టైటిల్ సగంలో తెగిపోతుంది కాబట్టి, రెండు వీడియోలను వేరు చేసే మాట మొదట్లోనే రావాలి. ఇక్కడ "పై ముడత" మొదటి 14 అక్షరాల్లో అయిపోతుంది. "రైతు సోదరులకు ముఖ్య గమనిక" లాంటి పిలుపుతో మొదలుపెడితే తెగిన తర్వాత మిగిలేది ఆ పిలుపే. చివర్లో ఇంగ్లీషు అక్షరాల రూపం ఒక్కటే, అదీ షీట్‌లో ఎక్కువసార్లు కనబడింది మాత్రమే. మిగతా రూపాలకు ట్యాగులున్నాయి.

టైటిల్ రాశాక ఒక పరీక్ష పెట్టాం. ఛానల్‌లో దీనికి దగ్గరగా ఉన్న ఇంకో వీడియో టైటిల్ పక్కన పెట్టి, రెండిటిలోనూ మొదటి నాలుగైదు మాటలే చదవాలి. ఆ మాటలతో ఏది ఏ వీడియోనో తెలియకపోతే టైటిల్ తిరిగి రాయాలి. రెండు ముడతల తికమక మళ్లీ రాకుండా ఆపింది ప్రధానంగా ఈ పరీక్షే.

మూడో మెట్టు డిస్క్రిప్షన్. పాత టెంప్లేట్ ఛానల్ పరిచయంతో మొదలయ్యేది, విషయం నాలుగో పేరాలో వచ్చేది. డిస్క్రిప్షన్ విప్పకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. సెర్చ్ ఫలితాల్లో చూపించే ముక్క కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. అందుకని వరస తిప్పేశాం:

```
మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. ఈ వీడియో దానికే.
ఆకు కిందికి వంగితే నల్లి: ఆ వీడియో లింకు ఇక్కడ

0:00 ఆకు చూసి గుర్తుపట్టడం
1:10 పై ముడత, కింది ముడత తేడా
3:25 మందు, మోతాదు
6:40 పిచికారీలో జరిగే తప్పులు
```

రెండో లైను తప్పుదారిన వచ్చిన రైతు కోసం. తప్పు వీడియోకి వచ్చినవాణ్ణి సరైన వీడియోకి పంపడం ఛానల్‌కీ లాభమే. నోట్‌లో మాత్రం దాన్ని చేను కాపాడే లైనుగానే రాశాం, చోటు సరిపోలేదని తర్వాత ఎవరూ తీసెయ్యకూడదని.

మందు, మోతాదు డిస్క్రిప్షన్‌లో రాయాలా వద్దా అన్నదాని మీద చర్చ జరిగింది. రాస్తే రైతుకి వీడియో వెనక్కి జరుపుకునే అవసరం ఉండదు. కానీ వీడియోలో ఒకటి, కింద ఒకటి ఉంటే ప్రమాదం. చివరికి రాయాలనే నిర్ణయించాం, రెండు షరతులతో. వీడియోలో చెప్పిన కొలతే ఉండాలి, సలహాదారు చూసి సరే అన్న తర్వాతే పబ్లిష్ నొక్కాలి. ఉదాహరణకు నారుకుళ్ళు వీడియో కింద "కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు, నారుమడి తడిసేలా" అని ఉంటుంది. "లీటరు నీటికి" అన్న మాట పోయి ఒట్టి 3 గ్రాములు మిగిలితే దాన్ని ఎవరైనా ఎలాగైనా చదువుకోవచ్చు.

కదలని భాగం, అంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఛానల్ నంబర్, హెచ్చరిక, డిస్క్రిప్షన్ అట్టడుగుకు వెళ్లింది. ఇది స్టూడియో సెట్టింగుల్లోని అప్‌లోడ్ డిఫాల్ట్స్‌లో ఉంటుంది. అక్కడ ఎవరూ చూడని చెత్త పోగుపడి ఉంది: పోయిన ఏడాది విత్తనాల లైను, మూతబడిన వాట్సాప్ గ్రూపు లింకు, 500 అక్షరాల ట్యాగుల బ్లాక్. డిఫాల్ట్స్‌లో ట్యాగులుంటే కొత్త ఎడిటర్ ఏమీ పేస్ట్ చెయ్యకపోయినా పత్తి ట్యాగులు మిరప వీడియోకి వచ్చి చేరతాయి. అందుకే ట్యాగుల గడి పూర్తిగా ఖాళీ చేశాం. ఇంకో సంగతి, ఈ డిఫాల్ట్స్ బ్రౌజర్‌లో చేసే అప్‌లోడ్‌కే వర్తిస్తాయి. యార్డు నుంచి యజమాని ఫోన్‌తో నేరుగా పెట్టే ధరల వీడియోలకు డిస్క్రిప్షన్ ఎందుకు ఖాళీగా ఉంటోందో అప్పుడు అర్థమైంది. ఆయన ఫోన్ నోట్స్‌లో అదే ముక్క పెట్టించాం.

నాలుగో మెట్టు ట్యాగులు. రెండు నిమిషాల పని, అంతకు మించి సమయం పెట్టొద్దని నోట్‌లో స్పష్టంగా రాశాం:

```
పై ముడత, mirapa pai mudata, mirapa mudatha, mirchi mudatha, mirapa tamara purugu, thamara purugu
```

ఇవన్నీ స్పెల్లింగ్ తేడాలే. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి కట్టుబాటు లేదు. త కి ఒకరు t రాస్తే ఇంకొకరు th రాస్తారు. స్పెల్లింగ్ తప్పులకే ట్యాగులన్న యూట్యూబ్ మాట ఇంగ్లీషు ఛానల్‌కి చిన్న విషయం కావచ్చు, మనకి మాత్రం ఉన్న ఉపయోగమంతా అదే. వేరే పంట, వేరే ఛానల్ పేరు, ఊరి పేరు ఇందులోకి రాకూడదు.

చివరి మెట్టు, ఇంగ్లీషు సెట్టింగులో ఉన్న ఫోన్‌లో, వీలైతే పాత చిన్న తెర ఫోన్‌లో, అన్‌లిస్టెడ్ లింకు తెరిచి చూడటం. టైటిల్ తెలుగులోనే ఉందా, ఎక్కడ తెగింది, చాప్టర్లు వచ్చాయా, నల్లి లింకు సరైన వీడియోకే వెళ్తోందా అని చూసుకుని అప్పుడు పబ్లిక్ చెయ్యాలి.

నోట్ ఇచ్చి వదిలెయ్యలేదు. పాత ఎడిటర్ వీడియో కాల్‌లో ఉండగా కొత్త ఎడిటర్ కొన్ని అప్‌లోడ్‌లు చేశారు. పాత ఆయన టైటిల్ చెప్పకూడదు, "ఆ మాట ఎక్కడ దొరికింది" అని మాత్రమే అడగాలి అని ముందే అనుకున్నాం. మొదటిసారి జవాబు "నాకు అనిపించింది" అని వచ్చింది. తర్వాతి వీడియోకి షీట్ తెరిచి వరస నంబర్ చెప్పారు. ఆ జవాబు మారిన రోజునే అప్పగింత పూర్తయిందని లెక్కేశాం.

పాత వీడియోల మాట

పాత టైటిళ్లలో దేన్ని ముట్టుకోవచ్చు, దేన్ని కూడదు అన్నదానికి వేరే పద్ధతి కావలసి వచ్చింది. సెర్చ్ నుంచి నిలకడగా రైతులు వస్తున్న వీడియో టైటిల్ మార్చకూడదు. మార్చక తప్పకపోతే, సెర్చ్ లిస్టులో పైనున్న మాటలు కొత్త టైటిల్లో కూడా ఉండాలి. నారుకుళ్ళు టైటిల్‌ని పాత రూపానికే తెచ్చాం. ఆ తర్వాత వేసిన నార్ల సీజన్‌లో సెర్చ్ నుంచి వ్యూస్ మళ్లీ మొదలయ్యాయి. అయితే నారుమడుల కాలంలో ఈ మాట కోసం వెతుకులాట దానంతటదే పెరుగుతుంది కాబట్టి, పుణ్యమంతా టైటిల్‌దే అనడం సరికాదు. పాత మాటలతోనే మళ్లీ రావడం మాత్రం లిస్టులో కనిపించింది.

కొన్నిటిని ముట్టుకోకుండా ఉండటమే తప్పు. 2023లో కేంద్రం డైకోఫాల్‌ని నిషేధించింది. అంతకుముందు మిరప నల్లికి అది మామూలుగా చెప్పే మందు. ఛానల్‌లోని పాత నల్లి వీడియోల్లో ఆ పేరు వినిపిస్తూనే ఉంది, కింద డిస్క్రిప్షన్‌లోనూ ఉంది. మందు గురించి ఒక్క మాటే ఉన్న వీడియోలకు డిస్క్రిప్షన్ మొదటి లైనులో సవరణ పెట్టి, అదే కామెంట్‌గా పిన్ చేశాం. వీడియో మొత్తం ఆ మందు చుట్టూనే నడిస్తే అన్‌లిస్టెడ్ చేశాం. వ్యూస్ బాగా ఉన్న ఒకదాన్ని అలా దాచడానికి యజమాని మొదట ఇష్టపడలేదు. డిస్క్రిప్షన్ చదవకుండా వీడియో మాత్రమే చూసే రైతుకి ఆ సవరణ చేరదు కదా అన్న సలహాదారు వాదన నెగ్గింది.

తామర పురుగు వీడియోలకు ఇంకో తేడా చేర్చాల్సి వచ్చింది. 2021–22 సీజన్‌లో ఆంధ్ర, తెలంగాణల్లో మిరప పూతని దెబ్బతీసిన నల్ల తామర పురుగు వేరే జాతి. ఆకు ముడతకన్నా పూతలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అంతకుముందు తీసిన వీడియోల టైటిళ్లలో ఉత్తి "తామర పురుగు" అని ఉంది. ఇప్పుడు పూతలో పురుగు చూసి వెతికే రైతు కూడా వాటికే వస్తాడు. టైటిళ్లు కదపలేదు, సెర్చ్ బాగుంది కనుక. డిస్క్రిప్షన్ మొదటి లైనులో "పూతలో నల్లగా కనిపిస్తే ఈ వీడియో కాదు" అని రాసి కొత్త వీడియో లింకు ఇచ్చాం.

ఇంకా మిగిలినవి

ధరల వీడియోలకు ఈ పద్ధతి సరిపోదు. అక్కడ మాట కన్నా తేదీ ముఖ్యం. తేదీ, యార్డు పేరు టైటిల్ మొదట్లోనే రావాలి, లేకపోతే వారం తర్వాత సజెషన్‌లో కనిపించి పాత ధరని నేటి ధర అనిపిస్తుంది. వాటికి ట్యాగులు పెట్టడం లేదు. ఫోన్‌లో తేదీ చేత్తో కొట్టేటప్పుడు తప్పులు పడుతున్నాయి, దానికి ఇంకా మంచి దారి దొరకలేదు.

షెడ్యూలింగ్ టూల్ ద్వారా అప్‌లోడ్ చేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు ఒక జాగ్రత్త రాసిపెట్టాం. అలాంటి బయటి టూల్స్ యూట్యూబ్‌లోకి వీడియో పంపే దారి ఏపీఐ, దాని డాక్యుమెంటేషన్‌లో డిస్క్రిప్షన్ హద్దు 5000 బైట్లు. తెలుగు అక్షరం, గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే ఒట్టి తెలుగులో రాస్తే అక్షరాలు, గుర్తులు కలిపి 1666 దగ్గరే అయిపోతుంది. చాప్టర్లు, మోతాదులు, కదలని భాగం అన్నీ కలిస్తే పెద్ద వీడియోకి అంతకు దగ్గరగా వస్తుంది. ఇప్పటికి బ్రౌజర్ అప్‌లోడే నడుస్తోంది.

పాత ఎడిటర్‌కి ఉన్న అనుమతిని వీడియో కాల్ అప్‌లోడ్‌లు అయ్యాక స్టూడియో సెట్టింగుల్లో, పర్మిషన్స్ దగ్గర తీసేశారు. కొత్త ఎడిటర్‌కి ఎడిటర్ హోదా మాత్రమే ఇచ్చారు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. మాటల షీట్ ఛానల్ ఖాతాలోనే ఉంది. జూలైలో నారుమళ్లు పోసే ముందు, పూత మొదలయ్యే ముందు దాన్ని సలహాదారుతో కలిసి ఒకసారి చూడాలని నోట్ చివరి లైనులో ఉంది.